తప్పు జవాబుకూ ఒక లెక్క ఉంటుంది

2004 గేట్ పరీక్షలో కంప్యూటర్ సైన్స్ పేపర్ రాసినవాళ్లకు ఒక లెక్క ఎదురైంది. ఒక పైప్‌లైన్‌లో నాలుగు దశలున్నాయి. వాటికి పట్టే సమయం వరుసగా 150, 120, 160, 140 నానోసెకన్లు. దశల మధ్య ఉండే రిజిస్టర్లు ఒక్కోటి మరో 5 నానోసెకన్లు తీసుకుంటాయి. క్లాక్ వేగం మారదు. అలాంటి పైప్‌లైన్ గుండా 1000 డేటా అంశాలు వెళ్లి బయటికి రావడానికి ఎంత సమయం పడుతుంది? ఇచ్చిన ఆప్షన్లు నాలుగు: 120.4, 160.5, 165.5, 590.0 మైక్రోసెకన్లు.

సరైన జవాబు 165.5. అది ఎలా వస్తుందో ఏ గైడ్ చూసినా తెలుస్తుంది. గైడ్లు పెద్దగా పట్టించుకోనివి మిగతా మూడు అంకెలే. 120.4 ఎక్కడి నుంచి వచ్చింది? 590.0 ఎందుకు పెట్టారు? ప్రశ్న తయారుచేసిన అధ్యాపకుడు నోటికొచ్చిన అంకెలు రాయలేదు. విద్యార్థి ఎక్కడెక్కడ కాలు జారతాడో ముందే ఊహించి, ఒక్కో పొరపాటుకు ఏ జవాబు వస్తుందో లెక్కగట్టి మరీ వాటిని ఆప్షన్లుగా పెట్టాడు. అందుకే తప్పు చేసిన విద్యార్థికి తన జవాబు ఆప్షన్లలో కనిపిస్తుంది. కనిపించగానే సరిపోయిందనుకుని టిక్కు పెట్టేస్తాడు.

ఈ సంగతి తెలిసిన విద్యార్థి దాన్నే తిరగేసి వాడుకోవచ్చు. ప్రతి తప్పు ఆప్షన్ వెనకా ఒక పొరపాటు ఉందంటే, ఆ పొరపాటును గుర్తుపట్టి ఆప్షన్‌ను కొట్టేయవచ్చన్నమాట. కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో, ముఖ్యంగా పైప్‌లైన్లు, క్యాష్ మెమరీల విషయంలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. అక్కడ లెక్కలు చిన్నవి, హద్దులు స్పష్టమైనవి, పొరపాట్లు కూడా మళ్లీ మళ్లీ అవే.

ముందు పైప్‌లైన్ అంటే ఏమిటో చూద్దాం. ప్రాసెసర్ ఒక పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో దశకు అప్పగిస్తుంది. మొదటి అంశం రెండో దశలోకి వెళ్లగానే రెండో అంశం మొదటి దశలోకి వస్తుంది. అందరూ ఒకే క్లాక్ దెబ్బకు కదలాలి కాబట్టి, అన్నిటికంటే నెమ్మదైన దశ ఎంత తీసుకుంటే క్లాక్ కూడా అంత తీసుకోవాల్సిందే. పై లెక్కలో నెమ్మదైన దశ 160 నానోసెకన్లది. దానికి రిజిస్టర్ ఆలస్యం 5 కలిపితే 165. మొదటి అంశం నాలుగు క్లాక్‌లలో బయటికొస్తుంది, ఆ తర్వాత క్లాక్‌కు ఒకటి చొప్పున మిగతా 999 వస్తాయి. మొత్తం 1003 క్లాక్‌లు. 1003ను 165తో గుణిస్తే 165.5 మైక్రోసెకన్లకు చేరతాం.

ఇప్పుడు ఈ గుణకారం ఏదీ చేయకుండా ఆప్షన్లను చూద్దాం. నెమ్మదైన దశ గుండా 1000 అంశాలూ ఒకదాని తర్వాత ఒకటి వెళ్లాలి. ఆ ఒక్క దశకే 1000 సార్లు 160, అంటే 160 మైక్రోసెకన్లు కావాలి. ఇంతకంటే తక్కువలో పని పూర్తికావడం అసాధ్యం. కాబట్టి 120.4 పోయింది. అది నెమ్మదైన దశకు బదులు వేగవంతమైన దశను, అంటే 120ని, క్లాక్‌గా తీసుకున్నవాడి జవాబు.

ఇక పై హద్దు. పైప్‌లైన్ అసలు లేదనుకుని, ఒక అంశం నాలుగు దశలూ దాటాకే ఇంకోదాన్ని లోపలికి పంపితే? నాలుగు దశలు కలిపి 570, దశకు 5 చొప్పున మరో 20, మొత్తం 590 నానోసెకన్లు. వెయ్యింటికి సరిగ్గా 590 మైక్రోసెకన్లు. అంటే ఆ ఆప్షన్ పైప్‌లైన్ లేని యంత్రానిది. పైప్‌లైన్ ఉన్న యంత్రం వెయ్యి అంశాల మీద అంత సమయం తీసుకునే ప్రశ్నే లేదు. అదీ పోయింది.

మిగిలినవి 160.5, 165.5. ఇక్కడ ఆగి చూడాల్సింది ఈ రెంటి మధ్య తేడాను. తేడా 5 మైక్రోసెకన్లు, అంటే వెయ్యి సార్లు 5 నానోసెకన్లు. ప్రశ్నలో 5 నానోసెకన్లు ఎవరివి? రిజిస్టర్లవి. అంటే ఈ రెండు ఆప్షన్లను విడదీసేది ఒకే ఒక ప్రశ్న: రిజిస్టర్ ఆలస్యాన్ని క్లాక్‌లో కలపాలా, వద్దా? రిజిస్టర్‌లోకి విలువ చేరేదాకా తర్వాతి దశ మొదలుకాదు కాబట్టి కలపాల్సిందే. 165.5 ఖాయం. చివరిదాకా మిగిలిన రెండు ఆప్షన్ల తేడాను చూస్తే, ప్రశ్న తయారుచేసినవాడు అసలు ఏ సంగతి పరీక్షిస్తున్నాడో బయటపడుతుంది. చాలామంది విద్యార్థులు ఈ తీసివేత చేయరు. పది సెకన్ల పని అది.

గేట్‌లో ఈ కొట్టివేతకు మార్కుల రూపంలో విలువ ఉంది. నాలుగు ఆప్షన్లలో ఒకటే సరైనదైన ప్రశ్నల్లో, రెండు మార్కుల ప్రశ్నకు తప్పు జవాబు పెడితే మార్కులో మూడింట రెండు వంతులు కోత పడుతుంది. ఏమీ తెలియకుండా నాలుగింటిలో ఒకటి గుడ్డిగా పెడితే వచ్చే లాభం, పోయే నష్టం సగటున సమానమై సున్నా మిగులుతుంది. ఒక ఆప్షన్‌ను ఖాయంగా కొట్టేయగలిగితే సగటున 0.22 మార్కు లాభం. రెండు కొట్టేస్తే 0.67. ఒక్క మార్కు ప్రశ్నలో కోత మూడో వంతు, లాభాలూ అందులో సగమే. ఇక్కడ ‘ఖాయంగా’ అన్న మాటను పట్టుకోవాలి. ‘ఇది కాదేమో’ అనిపించి సరైన ఆప్షన్‌నే కొట్టేస్తే, మిగిలిన మూడింటిలో ఏది పెట్టినా నష్టమే. అందుకే కొట్టివేతకు హద్దు కావాలి, అనుమానం చాలదు.

అదే 2004 పైప్‌లైన్ ఇంకో రకం ప్రశ్నలకూ పనికొస్తుంది. ‘పైప్‌లైన్ వల్ల ఒక్కో సూచన పూర్తికావడానికి పట్టే సమయం తగ్గుతుంది’ అనే వాక్యం ఆప్షన్లలో తరచూ కనిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ అంకెల్లో పెట్టి చూస్తే తేలిపోతుంది. పైప్‌లైన్ లేకపోతే ఒక్క అంశానికి దశల సమయం 570 నానోసెకన్లు. పైప్‌లైన్‌లో నాలుగు క్లాక్‌లు, ఒక్కోటి 165, మొత్తం 660. తగ్గడం కాదు, పెరిగింది. పైప్‌లైన్ పెంచేది గంటకు ఎన్ని పూర్తవుతాయన్న లెక్కనే, ఒక్కోటి ఎంతసేపట్లో పూర్తవుతుందన్నదాన్ని కాదు.

అలాగే వేగం ఎన్ని రెట్లు పెరుగుతుందని అడిగితే, నాలుగు దశల పైప్‌లైన్‌కు నాలుగు రెట్లకు మించిన ఏ ఆప్షన్ అయినా చూడగానే కొట్టేయవచ్చు. దశలు సమానంగా లేకపోయినా, రిజిస్టర్లకు సమయం పట్టినా నాలుగు కూడా రాదు. ఇక్కడ 570ని 165తో భాగిస్తే దాదాపు 3.45 వస్తుంది. ఎన్ని లక్షల అంశాలు పంపినా ఈ యంత్రం అంతకు మించి వేగం పెంచలేదు.

క్యాష్ సంగతికి వద్దాం. ప్రధాన మెమరీ పెద్దది, కానీ ప్రాసెసర్‌తో పోలిస్తే చాలా నెమ్మది. అందుకని ఇప్పుడే వాడినవాటిని, వాటి పక్కవాటిని ఒక చిన్న, వేగవంతమైన మెమరీలో దగ్గరగా పెట్టుకుంటారు. సామాన్లన్నీ అటక మీదున్నా ఆవాలు, జీలకర్ర మాత్రం పొయ్యి పక్కన పోపుల డబ్బాలో ఉన్నట్టు. మారిస్ విల్క్స్ 1965లో ఈ ఆలోచన రాసిపెట్టారు. 1968లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85తో ఇది మార్కెట్లోకి వచ్చింది.

డబ్బా చిన్నది కాబట్టి, ఏ సరుకు ఏ గదిలో ఉందో వెతికే పద్ధతి ఉండాలి. ఇందుకోసం హార్డ్‌వేర్ ప్రతి అడ్రస్‌నూ మూడు ముక్కలుగా చూస్తుంది. కింది బిట్లు ఆఫ్‌సెట్: బ్లాక్ లోపల ఏ బైట్ కావాలో చెబుతాయి. మధ్యవి ఇండెక్స్: ఏ సెట్‌లో వెతకాలో చెబుతాయి. పైవి ట్యాగ్: ఆ సెట్‌లో ఉన్నది మనం వెతుకుతున్న బ్లాకేనా అని పోల్చి చూసేవి. ఒక్కో సెట్‌లో ఎన్ని బ్లాకులు పట్టే చోటుంటే అన్ని ‘వే’లు అంటారు. సెట్‌కు ఒకే చోటుంటే డైరెక్ట్ మ్యాప్డ్. క్యాష్ అంతా ఒకే సెట్ అయితే ఫుల్లీ అసోసియేటివ్.

గేట్ తరహాలో ఒక లెక్క వేసుకుందాం. అడ్రస్ 32 బిట్లు. క్యాష్ 16 కిలోబైట్లు, 4-వే సెట్ అసోసియేటివ్, బ్లాక్ 32 బైట్లు. మెమరీని బైట్ చొప్పున అడ్రస్ చేస్తారు. ట్యాగ్‌కు ఎన్ని బిట్లు? ఆప్షన్లు 18, 20, 22, 27.

మామూలుగా చేస్తే ఇలా వస్తుంది. బ్లాక్ 32 బైట్లంటే ఆఫ్‌సెట్ 5 బిట్లు. 16 కిలోబైట్లలో 32 బైట్ల బ్లాకులు 512. సెట్‌కు నాలుగు చొప్పున 128 సెట్లు, ఇండెక్స్ 7 బిట్లు. 32లోంచి 12 తీసేస్తే ట్యాగ్ 20.

ఇప్పుడు తప్పు ఆప్షన్ల సంగతి చూద్దాం. 27 అంటే 32లోంచి ఆఫ్‌సెట్ 5 మాత్రమే తీసేశారు, ఇండెక్స్ లేదు. ఇండెక్స్ లేని క్యాష్ ఫుల్లీ అసోసియేటివ్. 18 అంటే 512 బ్లాకులనే 512 సెట్లుగా లెక్కేసి, ఇండెక్స్‌కు 9 బిట్లు ఇచ్చారు. అది డైరెక్ట్ మ్యాప్డ్. ఈ రెండూ ఒకే క్యాష్‌కు రెండు చివర్లు. ప్రశ్నలో ఉన్నది 4-వే కాబట్టి జవాబు ఈ రెంటికీ మధ్యలో పడాలి, ఏ చివరా కాకూడదు. రెండు ఆప్షన్లు ఒకే దెబ్బకు పోయాయి.

మిగిలినవి 20, 22. క్యాష్ పరిమాణం మార్చకుండా వేలను రెట్టింపు చేస్తే సెట్లు సగమవుతాయి, ఇండెక్స్‌లో ఒక బిట్ తగ్గుతుంది, ఆ బిట్ ట్యాగ్‌లోకి చేరుతుంది. డైరెక్ట్ మ్యాప్డ్‌కు 18 అయితే 2-వేకు 19, 4-వేకు 20, 8-వేకు 21, 16-వేకు 22. అంటే 22 ఇంకో క్యాష్ జవాబు. అది ఇక్కడికి ఎలా వచ్చింది? 32 బైట్ల బ్లాక్‌ను నాలుగేసి బైట్ల ఎనిమిది వర్డ్‌లుగా తీసుకుని, ఆఫ్‌సెట్‌కు 5 బదులు 3 బిట్లు ఇచ్చినవాడికి వస్తుంది. బైట్ చొప్పున అడ్రస్ అన్న మాట చదవకుండా దాటేసినవాడి జవాబన్నమాట.

ఇంకా గమనించాల్సిన సంగతి ఒకటుంది. క్యాష్ పరిమాణాన్ని వేల సంఖ్యతో భాగిస్తే ఒక వే పరిమాణం వస్తుంది. ఇక్కడ 16 కిలోబైట్లను నాలుగుతో భాగిస్తే 4 కిలోబైట్లు, అంటే 2 ఘాతం 12. ఇండెక్స్, ఆఫ్‌సెట్ రెండూ కలిపి ఎప్పుడూ ఇంతే. కాబట్టి ట్యాగ్ 32 మైనస్ 12. ఈ దారిలో బ్లాక్ పరిమాణం అవసరమే రాలేదు. బ్లాక్‌ను 64 బైట్లు చేసినా, 16 చేసినా ట్యాగ్ 20 బిట్లే. ఆఫ్‌సెట్‌కూ ఇండెక్స్‌కూ మధ్య సరిహద్దు జరుగుతుందంతే. ‘బ్లాక్ పరిమాణం రెట్టింపు చేస్తే ట్యాగ్ ఒక బిట్ తగ్గుతుంది’ లాంటి ఆప్షన్‌ను ఇది తెలిసినవాడు పెన్ను కదపకుండానే కొట్టేస్తాడు.

ఇది పరీక్షకే పరిమితమైన కిటుకు కాదు. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో ఈ కమాండ్ ఇస్తే ఆ ప్రాసెసర్ క్యాష్ వివరాలు తెర మీదికి వస్తాయి:

```
getconf -a | grep CACHE
```

చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో మొదటి స్థాయి డేటా క్యాష్ 32768 బైట్లు, 8 వేలు, బ్లాక్ 64 బైట్లు అని ఏళ్ల తరబడి కనిపించింది. 32 కిలోబైట్లను ఎనిమిదితో భాగిస్తే మళ్లీ 4 కిలోబైట్లే. మెమరీ పేజీ పరిమాణం కూడా సరిగ్గా అంతే. వర్చువల్ అడ్రస్‌ను అసలు అడ్రస్‌గా మార్చేటప్పుడు పేజీ లోపలి 12 బిట్లు మారవు. ఇండెక్స్ ఆ 12 బిట్లలోనే ఇమిడిపోతే, మార్పు పూర్తయ్యేదాకా ఆగకుండా క్యాష్‌లో వెతకడం మొదలుపెట్టవచ్చు. వే పరిమాణాన్ని 4 కిలోబైట్ల దగ్గర ఆపడానికి కారణం ఇదే. ప్రశ్నల్లోని అంకెలు ఇలా నిజమైన చిప్‌ల మీద వాలినప్పుడు అవి మనసులో నిలుస్తాయి.

అంకెలు లేని ప్రశ్నలు వేరే రకం ఇబ్బంది పెడతాయి. నాలుగు వాక్యాలిచ్చి ఏది నిజమని అడుగుతారు. కోచింగ్ తరగతుల్లో, హాస్టల్ గదుల్లో ఇందుకు ఒక చిట్కా తిరుగుతుంటుంది: ‘ఎల్లప్పుడూ’ అన్న మాట ఉంటే ఆ ఆప్షన్ తప్పు. ఈ చిట్కాను నమ్ముకోకూడదు. ఆ మాట ఉన్న వాక్యాన్ని కొట్టేయాలంటే ఒక్క వ్యతిరేక ఉదాహరణ చూపించాలి. చూపించలేకపోతే వాక్యం నిలబడ్డట్టే భావించాలి.

ఉదాహరణకు ఈ వాక్యం: ‘పరిమాణం ఒకటే అయితే డైరెక్ట్ మ్యాప్డ్ క్యాష్ కంటే ఫుల్లీ అసోసియేటివ్ క్యాష్‌లో మిస్‌లు ఎల్లప్పుడూ తక్కువే, లేదా సమానం.’ పుస్తకం చదివినవాళ్లలో చాలామంది దీన్ని నిజమనుకుంటారు. ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే వెసులుబాటు ఉన్నప్పుడు మిస్‌లు పెరగడమేమిటని అనిపిస్తుంది. ఒక బుల్లి క్యాష్ తీసుకుందాం. నాలుగు బ్లాకులకే చోటు. ప్రోగ్రామ్ 0, 1, 2, 3, 4 అనే ఐదు బ్లాకులను వరుసగా, మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఫుల్లీ అసోసియేటివ్‌లో, అందరికంటే ముందు వాడి వదిలేసినదాన్ని తీసేసే ఎల్ఆర్‌యూ పద్ధతి ఉందనుకుందాం. 0, 1, 2, 3 నిండాయి. 4 రాగానే 0ను తీసేస్తారు. వెంటనే 0 అడుగుతారు, లేదు. దానికోసం 1ని తీసేస్తారు. వెంటనే 1 అడుగుతారు. ఇలా ప్రతిసారీ ఇప్పుడే తీసేసినదే కావాల్సివస్తుంది. ఎన్ని చుట్లు తిరిగినా ఒక్క హిట్ కూడా రాదు.

అదే డైరెక్ట్ మ్యాప్డ్‌లో బ్లాక్ సంఖ్యను నాలుగుతో భాగించగా వచ్చిన శేషమే దాని చోటు. 0, 4 రెండూ సున్నా చోటు కోసం కొట్టుకుంటాయి. 1, 2, 3 జోలికి ఎవరూ రారు. రెండో చుట్టు నుంచి ప్రతి ఐదింటిలో మూడు హిట్లు. వాక్యం అబద్ధమని తేలిపోయింది. కావాల్సిందల్లా నాలుగు గడులు, ఐదు అంకెలు. క్యాష్ వాక్యాల్లో చాలావాటిని ఇంత చిన్న బొమ్మతోనే తేల్చవచ్చు.

చివరి అంచుకు లాగి చూడటం కూడా ఇలాంటి పనే. ‘బ్లాక్ పరిమాణం పెంచేకొద్దీ మిస్‌లు తగ్గుతూనే ఉంటాయి’ అంటే, బ్లాక్‌ను క్యాష్ అంత పెద్దది చేసి చూడాలి. అప్పుడు క్యాష్‌లో పట్టేది ఒకే ఒక బ్లాక్. ప్రోగ్రామ్ దూరదూరంగా ఉన్న రెండు చోట్లను మార్చి మార్చి అడిగితే ప్రతిదీ మిస్సే. వాక్యం పోయింది.

మరి ‘ఎల్లప్పుడూ’ ఉండి కూడా నిజమైన వాక్యం? ఉంది. ‘ఎల్ఆర్‌యూ పద్ధతి వాడే ఫుల్లీ అసోసియేటివ్ క్యాష్‌ను పెద్దది చేస్తే మిస్‌లు ఎప్పుడూ పెరగవు.’ ఇది నిజం. ఎల్ఆర్‌యూలో చిన్న క్యాష్‌లో ఏ క్షణాన ఏవేవి ఉంటాయో అవన్నీ పెద్ద క్యాష్‌లోనూ ఉంటాయి కాబట్టి. ఎల్ఆర్‌యూ బదులు ముందు వచ్చినదాన్ని ముందు తీసేసే ఫీఫో అని మారిస్తే అదే వాక్యం అబద్ధమైపోతుంది. బెలాడీ, ఆయన సహచరులు 1969లో దీన్ని చూపించారు. 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే వరుసకు ఫీఫోలో మూడు చోట్లుంటే 9 మిస్‌లు, నాలుగు చోట్లుంటే 10. కాగితం మీద వేసి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. చిట్కాను నమ్మినవాడు మొదటి వాక్యాన్ని కూడా కొట్టేసి మార్కు పోగొట్టుకుంటాడు.

మళ్లీ పైప్‌లైన్. ఈసారి అంకెలు చిన్నవే కానీ ప్రశ్న గడ్డుది. చాలా పుస్తకాల్లో ఉండే ఐదు దశల ప్రాసెసర్‌లో సూచనను తేవడం, విప్పి రిజిస్టర్లు చదవడం, లెక్కించడం, మెమరీ తాకడం, ఫలితాన్ని రిజిస్టర్‌లో రాయడం అనే దశలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ రెండు సూచనలు వెంటవెంటనే వచ్చాయనుకుందాం:

```
lw  x5, 0(x10)
add x6, x5, x7
```

మొదటిది మెమరీ నుంచి `x5`లోకి విలువ తెస్తుంది. రెండోది ఆ `x5`నే వాడుకుంటుంది. మధ్యలో ఎన్ని క్లాక్‌లు ఆగాలి? ఆప్షన్లు 0, 1, 2, 3.

ఈ నాలుగు ఆప్షన్లలో దేన్నీ ప్రశ్న పూర్తిగా చదవకుండా కొట్టేయలేం. కారణం, ప్రతి ఆప్షన్ ఏదో ఒక యంత్రానికి సరైన జవాబే. `lw` మెమరీ దశ నాలుగో క్లాక్‌లో జరుగుతుంది, విలువ ఆ క్లాక్ చివర చేతికొస్తుంది. ఆగకుండా వస్తే `add` లెక్కింపు దశ కూడా సరిగ్గా ఆ నాలుగో క్లాక్‌లోనే. ఫార్వర్డింగ్ ఉన్నా, అంటే ఫలితాన్ని రిజిస్టర్‌లో రాసేదాకా ఆగకుండా నేరుగా తర్వాతి సూచనకు అందించే ఏర్పాటు ఉన్నా, క్లాక్ చివర వచ్చే విలువను అదే క్లాక్ మొదట్లో ఇవ్వలేరు. కాబట్టి 1. ఫార్వర్డింగ్ లేకపోతే `lw` ఐదో క్లాక్‌లో రాసేదాకా `add` చదవలేదు. క్లాక్ మొదటి సగంలో రాసి రెండో సగంలో చదివే రిజిస్టర్లైతే అదే ఐదో క్లాక్‌లో చదవవచ్చు. మామూలుగా మూడో క్లాక్‌లో చదవాల్సింది ఐదుకు జరిగింది, జవాబు 2. అలా సగాలుగా విడదీయకపోతే చదవడం ఆరో క్లాక్‌కు పోతుంది, జవాబు 3.

మరి 0? తొలినాటి మిప్స్ ప్రాసెసర్‌లో హార్డ్‌వేర్ ఇక్కడ ఆగేదే కాదు. లోడ్ తర్వాతి సూచన ఆ విలువను వాడకూడదన్నది నియమం. మధ్యలో వేరే పనికొచ్చే సూచననో, ఏమీ చేయని `nop`నో ఇరికించే బాధ్యత కంపైలర్‌ది. హార్డ్‌వేర్ ఆగేది సున్నా క్లాక్‌లు, కానీ ప్రోగ్రామ్‌లో ఒక చోటు ఖాళీగా పోవచ్చు.

అంటే ఈ తరహా ప్రశ్నలో అంకెల మీద కాకుండా ప్రశ్నలోని షరతుల మీద గీత గీసుకోవాలి. ఫార్వర్డింగ్ ఉందన్నారా? అయితే 2, 3 పోయాయి. హార్డ్‌వేరే ఆపుతుందన్నారా? 0 పోయింది. ‘ఫార్వర్డింగ్ ఉంటే డేటా కోసం ఆగాల్సిన పనే ఉండదు’ అన్న వాక్యం ఆప్షన్‌గా వస్తే, దాన్ని కొట్టేయడానికి పై రెండు లైన్ల కోడ్ చాలు. ఇదే ఐదు దశల యంత్రంలో, ముందు సూచన చదవాల్సిన రిజిస్టర్‌ను వెనక సూచన ముందే రాసేసి పాడుచేస్తుందనే ఆప్షన్ కూడా వస్తుంటుంది. అక్కడ చదవడం రెండో దశలో, రాయడం ఐదో దశలో. సూచనలు వరుస తప్పవు. వెనకవాడి ఐదో దశ ముందువాడి రెండో దశ కంటే ముందు రావడానికి వీల్లేదు. సూచనల వరుస మార్చి నడిపే ప్రాసెసర్లలో మాత్రం ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే ప్రశ్నలో ఏ యంత్రం అన్నారో చూడనిదే ఈ ఆప్షన్‌నూ తేల్చకూడదు.

కొట్టివేత ఆగిపోయే చోట్లు కూడా ఉన్నాయి. సగటు మెమరీ సమయం మీద వచ్చే లెక్కలో ఇది బాగా కనిపిస్తుంది. క్యాష్‌లో దొరికితే 2 నానోసెకన్లు, 95 శాతం సార్లు దొరుకుతుంది, దొరక్కపోతే 100 నానోసెకన్లు. ఆప్షన్లు 5, 6.9, 7, 95.1. వీటిలో 95.1 హిట్, మిస్ శాతాలను తారుమారు చేసినవాడిది. వందకు 95 సార్లు 2 నానోసెకన్లలో పని అయిపోతుంటే సగటు 95 దాకా వెళ్లదు. 5 అన్నది మిస్ భాగాన్ని మాత్రమే లెక్కేసి 2ను మరిచిపోయినవాడి జవాబు. మిగిలిన 6.9, 7 మధ్య తేడా 0.1, అంటే 2లో 5 శాతం. మిస్ అయినప్పుడు క్యాష్‌లో వెతకడానికి పట్టిన 2 నానోసెకన్లను విడిగా కలపాలా, వద్దా అన్నదే ఇక్కడి తేడా. 100 అన్నది అదనపు జరిమానా అయితే 7. మొత్తం సమయమే 100 అయితే 6.9. ఎంత తెలివిగా కొట్టివేసినా ఈ చివరి మెట్టు దగ్గర ప్రశ్నలోని ఒక్క మాటే దిక్కు. ఆ మాట స్పష్టంగా లేని ప్రశ్నలు పాత పేపర్లలో లేకపోలేదు. వాటి మీద విద్యార్థులు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు.

గేట్ స్వరూపం కూడా మారింది. ఆప్షన్లు ఇవ్వకుండా అంకెను టైప్ చేయమనే ప్రశ్నలున్నాయి. 2021 నుంచి, ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవి కాగల ప్రశ్నలూ వస్తున్నాయి. ఈ రెండు రకాల్లోనూ తప్పుకు కోత లేదు. కానీ రెండో రకంలో సరైనవన్నీ గుర్తించి, తప్పుది ఒక్కటీ పెట్టకపోతేనే మార్కు. అక్కడ రెండు ఆప్షన్లు కొట్టేశాం కాబట్టి మూడోదే జవాబనే తర్కం నడవదు. నాలుగు వాక్యాలనూ విడివిడిగా, నాలుగు గడుల క్యాష్‌తోనో రెండు లైన్ల కోడ్‌తోనో పరీక్షించాల్సిందే. అంకె టైప్ చేసే ప్రశ్నలో హద్దుల పద్ధతి చివర్లో పనికొస్తుంది. వచ్చిన జవాబు నెమ్మదైన దశ చెప్పే కింది హద్దుకూ, పైప్‌లైన్ లేని యంత్రం చెప్పే పై హద్దుకూ మధ్య లేకపోతే గుణకారంలోనో యూనిట్లలోనో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం.

పాత పేపర్లతో సాధన చేసేవాళ్లు సరైన జవాబు దగ్గరే ఆగిపోతుంటారు. దానికి బదులు, తప్పు ఆప్షన్ పక్కన అది ఏ పొరపాటుకు వచ్చిందో ఒక ముక్క రాసుకోవాలి: ‘ఇండెక్స్ మరిచాడు’, ‘వర్డ్‌కూ బైట్‌కూ తేడా చూడలేదు’, ‘రిజిస్టర్ ఆలస్యం కలపలేదు’, ‘మొదటి అంశానికి పట్టే అదనపు క్లాక్‌లు వదిలేశాడు’. క్యాష్, పైప్‌లైన్ ప్రశ్నల్లో ఈ కారణాల జాబితా త్వరగానే నిండిపోతుంది, ఆ తర్వాత పాతవే తిరిగి కనిపిస్తుంటాయి. ఏ కారణమూ దొరకని ఆప్షన్ ఎదురైతే దాన్ని వదిలేయకూడదు. ఆ ప్రశ్నలో చదవకుండా దాటేసిన షరతు ఏదైనా ఉందేమో మళ్లీ మొదటి వాక్యం నుంచి చూడాలి.